శుక్రవారం వేసిన చెక్కు సోమవారం సాయంత్రం వెనక్కి: ₹118 ఎవరు భరించాలి?

ధాన్యం_కొట్టు:
ఫిబ్రవరి 13 శుక్రవారం సాయంత్రం 5 గంటలకు ₹85,000 చెక్కు డ్రాప్ బాక్స్‌లో వేశాను. గంటల్లోనే డబ్బు పడుతుందన్నారు. సోమవారం సాయంత్రం "సంతకం కలవలేదు" అని రిటర్న్ మెసేజ్ వచ్చింది, మంగళవారం నా ఖాతాలో ₹118 కోత పడింది. ఆలస్యం ఎవరిది? సంతకం నాది కాదు కదా, ఛార్జీ నాకెందుకు?

వరంగల్_ట్రేడర్:
మూడు గంటల రూల్ వచ్చిందండీ. జనవరి 3, 2026 నుంచి చెక్కు అవతలి బ్యాంకుకు చేరిన మూడు గంటల్లో అవునో కాదో చెప్పేయాలి. మీకు మూడు రోజులు పట్టిందంటే బ్యాంకుదే తప్పు. వడ్డీ అడగండి, వదలొద్దు.

కౌంటర్_3:
ట్రేడర్ గారు చెప్పిన తేదీ మొదటి ప్రకటనలో ఉన్న మాట నిజమే. కానీ ఆ మూడు గంటల రూలు కొత్త పద్ధతిలో రెండో దశ, దాన్ని ఆర్బీఐ డిసెంబర్ 2025లోనే వాయిదా వేసింది. కాబట్టి ఈ చెక్కుకు వర్తించేది అక్టోబర్ 4, 2025న మొదలైన మొదటి దశే. వాయిదాతో పాటు వేళలు కూడా మారాయి. చెక్కు బొమ్మలు పంపడం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 వరకు, అవతలి బ్యాంకు జవాబు ఉదయం 9 నుంచి రాత్రి 7 వరకు.

ఇప్పుడు మీ చెక్కు నడక చూద్దాం. శుక్రవారం 5 గంటలకు మీరు బాక్స్‌లో వేసేసరికే ఆ రోజు పంపే వేళ దాటి రెండు గంటలైంది. 14 రెండో శనివారం, 15 ఆదివారం. అంటే చెక్కు స్కానర్ మీదికి ఎక్కింది సోమవారం 16 ఉదయం. అదే సాయంత్రం జవాబు వచ్చింది. క్లియరింగ్‌లో అది ఉన్నది ఒక్క పగలు మాత్రమే, మిగతా కాలమంతా బాక్స్‌లోనే ఉంది.

ఇంకో సంగతి ఇక్కడ చాలామంది గమనించడం లేదు. రాత్రి 7 లోపు అవతలి బ్యాంకు ఏమీ చెప్పకపోతే ఆ చెక్కు ఆమోదం పొందినట్టే లెక్క. బ్యాంకుల మధ్య సెటిల్‌మెంట్ అయిన గంటలోపు మీ బ్యాంకు డబ్బు వదలాలి. అందుకే ఇప్పుడు ఆలస్యం ఎక్కడ జరిగిందో వెతకాలంటే క్లియరింగ్‌కు ముందే వెతకాలి: బాక్స్ ఎన్నింటికి తెరిచారు, బ్రాంచి ఎప్పుడు స్కాన్ చేసింది. మంగళవారం ఉదయం 10కి కౌంటర్‌లో ఇచ్చిన చెక్కు బుధవారం రాత్రికి కూడా తేలలేదంటే, అప్పుడు బ్యాంకును నిలదీయవచ్చు. మీ చెక్కు విషయంలో ఆ పట్టు లేదు.

తెనాలి_లక్ష్మి:
మా అమ్మాయి అమెరికా నుంచి పంపిన డాలర్ చెక్కు ఐదు వారాలైనా పడలేదు బాబూ. మరి గంటల లెక్క అంటున్నారేమిటి?

కౌంటర్_3:
అమ్మా, ఈ పద్ధతి మన దేశపు బ్యాంకుల మీద రాసిన చెక్కులకే. అమెరికా బ్యాంకు చెక్కు ఇందులోకి రాదు, వసూలుకు అక్కడికే పంపాలి. వారాలు పట్టడం మామూలే, అక్కడి బ్యాంకు ఛార్జీ కూడా అందులోంచే పోతుంది. మీ బ్రాంచిలో వసూలు నంబరు అడిగి దాంతో ఆరా తీయండి. ఇకముందు అమ్మాయిని నేరుగా ఖాతాకు పంపమనండి.

వరంగల్_ట్రేడర్:
వాయిదా సంగతి నాకు తెలియదు, సరే. కానీ ₹118 మాత్రం ఒప్పుకోను. ఖాతాదారు తప్పుంటేనే రిటర్న్ ఛార్జీ వేయాలని ఆర్బీఐ 2013లోనే చెప్పింది.

కౌంటర్_3:
చెప్పింది, అసలు పేచీ అక్కడే. ఖాతాదారు తప్పు లేని కారణాలంటూ ఉదాహరణకు ఒక జాబితా కూడా ఇచ్చింది: బొమ్మ స్పష్టంగా లేకపోవడం, వేరే బ్యాంకుకు వెళ్లిపోవడం, క్లియరింగ్ ముద్ర లోపం లాంటివి. మిమ్మల్ని అడగకుండానే మళ్లీ పంపగలిగిన చెక్కును బ్యాంకు సెలవులు పోను 24 గంటలు దాటకుండా, వెంటనే వచ్చే క్లియరింగ్‌లో పంపి, మెసేజ్ ఇవ్వాలి. సంతకం తేడా, నిల్వ లేకపోవడం ఆ జాబితాలో లేవు. దాన్ని పట్టుకునే బ్యాంకులు చెక్కు వేసినవాళ్ల దగ్గరా వసూలు చేస్తున్నాయి. మీ ₹118 అంటే ₹100 ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ ₹18. చెక్కు రాసినవారికి వాళ్ల బ్యాంకు వేరేగా వేస్తుంది, అది ఇంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది.

నా మటుకు నాకు, చెక్కు వేసినవారు చేసిన తప్పేమీ లేనప్పుడు ఈ కోత ఆ మాటకే విరుద్ధం.

నల్లకోటు_గుంటూరు:
నేను ఒప్పుకోను. జాబితా ఉదాహరణకే అన్నారు గానీ, బ్యాంకు తన పని తాను చేసింది. టారిఫ్‌లో ముందే ప్రకటించిన ఛార్జీ అది. ఆ ₹118 చెక్కు రాసినవారి దగ్గర రాబట్టుకోవాలి.

దానికంటే ముఖ్యమైన గడువు ఒకటుంది. సంతకం తేడాతో వెనక్కి వచ్చినా చెక్కు బౌన్స్ నేరానికి పెట్టే 138 సెక్షన్ వర్తించవచ్చని సుప్రీంకోర్టు 2012లో లక్ష్మీ డైకెమ్ కేసులో చెప్పింది. రిటర్న్ సమాచారం మీకు అందిన 30 రోజుల్లో లిఖితపూర్వకంగా నోటీసు వెళ్లాలి. అందులో చెక్కు మొత్తం ₹85,000 అని కచ్చితంగా రాయండి. ₹118 అడగాలనుకుంటే వేరే వాక్యంలో విడిగా అడగండి, రెండూ కలిపి ₹85,118 అని ఒకే అంకె వేస్తే అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు. నోటీసు అందాక డబ్బు కట్టడానికి వారికి 15 రోజులు గడువు. మెసేజ్ ఒక్కటే చాలదు, బ్యాంకు ముద్ర ఉన్న రిటర్న్ మెమో, అసలు చెక్కు రెండూ తీసుకోండి.

కౌంటర్_3:
నోటీసుకు ముందు ఒక్క పని చేయండి. చెక్కు చేతికొచ్చాక సంతకం దగ్గర చూడండి. సంస్థ రబ్బరు ముద్ర సంతకం మీదికి ఎక్కిందా? లేత సిరాతో రాశారా? అవతలి క్లర్కు కాగితాన్ని చూడడు. తెర మీద ఒకపక్క చెక్కు బొమ్మ, ఇంకోపక్క నమూనా సంతకం ఉంటాయి. ముద్ర గీతలు సంతకంలో కలిసిపోతే నిజమైన సంతకమే తేడాగా కనబడుతుంది. అలాంటిదైతే గొడవ లేకుండా కొత్త చెక్కు అడగొచ్చు. పాత దాని మీదే దిద్దించకండి. తేదీ మార్చి చెక్కును చెల్లేలా చేసే దిద్దుబాటు తప్ప ఇంకే దిద్దుబాటు ఉన్నా ఆ చెక్కు ఈ పద్ధతిలో చెల్లదు. దిద్దకుండా అదే చెక్కు మళ్లీ వేయాలంటే దాని మీది తేదీ నుంచి 3 నెలలే గడువు.

ధాన్యం_కొట్టు:
చూశాను. నీలం ముద్ర సగం సంతకం మీదే ఉంది. కొత్త చెక్కు ఇస్తానన్నారు. కానీ డ్రాప్ బాక్స్ కాబట్టి నా కౌంటర్‌ఫాయిల్ మీద బ్యాంకు ముద్ర లేదు, ₹118కి ఫిర్యాదు చేస్తే నిలుస్తుందా?

కౌంటర్_3:
ఛార్జీ ఫిర్యాదుకు కౌంటర్‌ఫాయిల్ అక్కర్లేదు, మెమో, స్టేట్‌మెంట్‌లో కోత పడిన పంక్తి చాలు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా cms.rbi.org.in లో పెట్టండి. నిలుస్తుందని మాట ఇవ్వలేను. కొత్త చెక్కు మాత్రం మధ్యాహ్నానికి ముందే కౌంటర్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోండి. అడిగితే రసీదు ఇవ్వనని బ్రాంచి అనకూడదు. ₹50,000 దాటింది కాబట్టి రాసినవారిని వాళ్ల బ్యాంకు యాప్‌లో పాజిటివ్ పే కింద చెక్కు వివరాలు కూడా ముందే ఎక్కించమనండి. సంతకం తేడాకు అది మందు కాదు గానీ, అంకె, తేదీ, పేరు మీద అనుమానంతో చెక్కు ఆగకుండా ఉంటుంది.

నల్లకోటు_గుంటూరు:
ఛార్జీ ఫిర్యాదు గెలిస్తే ఇక్కడ రాయండి. ఆ జాబితా ఎంతవరకు సాగుతుందో నాకూ చూడాలనే ఉంది.