పాత ఫోన్ ఎక్స్ఛేంజీకి ఇచ్చేశాను, అథెంటికేటర్ పోయింది, బ్యాకప్ కోడ్లనూ తీసుకోవడం లేదు

కావలి_రొయ్యల_చెరువు
మొన్న ఆదివారం నెల్లూరు ట్రంకు రోడ్డులో పాత ఫోన్ ఇచ్చి కొత్తది తీసుకున్నాను. దుకాణంలో నా కళ్లముందే పాతదాన్ని రీసెట్ చేశారు. అథెంటికేటర్‌లో ఉన్న మూడు ఖాతాలను ముందుగా కొత్త ఫోన్‌లోకి మార్చుకోవాలని నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు జీమెయిల్ తెరవబోతే ఆరంకెల కోడ్ అడుగుతోంది. మేత బిల్లులన్నీ అందులోనే ఉన్నాయి. బీరువాలో బ్యాకప్ కోడ్ల కాగితాలు రెండు దొరికాయి కానీ, వాటిలో మూడు కోడ్లు కొట్టి చూస్తే మూడూ తప్పన్నది. సిమ్ పాతదే. దారి చెప్పగలరు.

పెన్నాతీరం
ఇంత కంగారు అవసరం లేదండీ. అదే సిమ్ వేసి, అథెంటికేటర్‌ను మళ్లీ దించుకుని, అదే జీమెయిల్‌తో లోపలికి వెళితే ఖాతాలన్నీ వాటంతట అవే వస్తాయి. 2023 నుంచి ఆ సౌకర్యం ఉంది. నాకు పోయిన సంక్రాంతికి అలాగే వచ్చాయి.

ఒంగోలు_సర్వర్‌గది
పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, పై సలహా బీరువా తాళంచెవిని ఆ బీరువాలోనే పెట్టి వెతకమన్నట్టుంది. ఆ కోడ్లు భద్రంగా ఉండేది గూగుల్ ఖాతాలో, ఆయన వెళ్లలేకపోతున్నదీ ఆ ఖాతాలోకే. మీ కొత్త ఫోన్‌లో జీమెయిల్ ముందే తెరిచి ఉండి ఉంటుంది, అందువల్ల మీకు వచ్చాయి. పైగా, సింక్ పెట్టుకోని వారికి అదీ రాదు. ఇక సిమ్‌కూ ఈ కోడ్‌కూ ఏ సంబంధమూ లేదు. మొదట క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు ఫోన్‌లో చేరిన రహస్య సంఖ్యను, అప్పటి గడియారాన్ని కలిపి ముప్పై సెకన్లకొక కోడ్ తయారవుతుంది. సిమ్ తీసేసినా, నెట్ లేకపోయినా అది వస్తూనే ఉంటుంది.

పెన్నాతీరం
పదిహేనేళ్ల అనుభవం మర్యాదను నేర్పలేదన్నమాట. నేను జరిగినదే చెప్పాను.

చీమకుర్తి_రాయి
నాకూ ఇదే సమస్య. కొత్త ఫోన్‌లో యూపీఐ పిన్ మళ్లీ పెట్టుకోమంటోంది. బ్యాకప్ కోడ్ ఎక్కడ ఇస్తారు?

ఒంగోలు_సర్వర్‌గది
అది బ్యాంకు సంగతి, దానికి డెబిట్ కార్డు తీసుకోండి. ఇక్కడ కలపవద్దు.

పంతులమ్మ_ఆత్మకూరు
కావలి వారూ, ఆ రెండు కాగితాల మీద తేదీ చూశారా? "These codes were generated on" అని ఒక వాక్యం ఉంటుంది. కొత్త కోడ్లు తీసుకున్న క్షణంలోనే పాత పదీ చెల్లకుండా పోతాయి. మా అబ్బాయి గిట్‌హబ్ ఖాతా విషయంలో నాలుగు రోజులు ఏడ్చి, చివరికి "github-recovery-codes.txt" అనే ఫైలు పెన్‌డ్రైవ్‌లో దొరికి బయటపడ్డాడు. వాడు మొదట ఆ కోడ్‌ను అథెంటికేటర్ కోడ్ అడిగే గడిలోనే కొట్టి చూశాడు. మీరు ఎక్కడ కొట్టారు?

కావలి_రొయ్యల_చెరువు
అమ్మా, రెండు తప్పులూ చేశాను. ఒక కాగితం మీద 2021, రెండో దాని మీద 2024 అని ఉంది. నేను కొట్టినవి 2021 నాటివి, అదీ ఆరంకెల గడిలో. ఇప్పుడు "Try another way" నొక్కి, "Enter one of your 8-digit backup codes" ఎంచుకుని, 2024 కాగితంలో రెండో వరుసలోని కోడ్ కొట్టాను. జీమెయిల్ తెరుచుకుంది. మొదటి వరుసది ఎప్పుడో వాడేసి, పెన్నుతో కొట్టేసి ఉంది.

ఒంగోలు_సర్వర్‌గది
ఆగండి, పని పూర్తి కాలేదు. ఇంతటితో వదిలేస్తే ప్రతిసారీ ఒక కోడ్ ఖర్చవుతూ పోతుంది. ఖాతాలోని "2-Step Verification" పేజీలో అథెంటికేటర్ దగ్గర "Change authenticator app" నొక్కి, వచ్చిన క్యూఆర్‌ను కొత్త ఫోన్‌తో స్కాన్ చేయండి. దానితో పాత ఫోన్‌లోని రహస్య సంఖ్య చెల్లకుండా పోతుంది. తరువాత కొత్తగా పది కోడ్లు తీసుకుని, పాత కాగితాలు రెండూ చింపేయండి. కొత్త కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి దాచవద్దు, ఫోన్ పోతే అదీ పోతుంది.

కావలి_రొయ్యల_చెరువు
చేశాను. కొత్త యాప్‌లో కోడ్ వస్తోంది. కానీ అందులో జీమెయిల్ ఒక్కటే కనబడుతోంది, మిగతా రెండు ఖాతాలు లేవు.

పంతులమ్మ_ఆత్మకూరు
గూగుల్ కోడ్లు గూగుల్ తలుపునే తెరుస్తాయి. తక్కిన రెండింటికీ వాటి వాటి కోడ్లు విడిగా ఉండాలి.

కావలి_రొయ్యల_చెరువు
అవి తీసుకున్న గుర్తే లేదు. మా వెబ్‌సైట్ ఉన్న సంస్థకు రాస్తే గుర్తింపు కార్డు పంపమన్నారు, పంపి మూడు రోజులైంది. ఇంకోటి మాత్రం ఇంట్లోని కంప్యూటర్‌లో ఇప్పటికీ తెరిచే ఉంది.

ఒంగోలు_సర్వర్‌గది
దాన్ని పొరపాటున కూడా లాగౌట్ చేయకండి, బ్రౌజర్ కుకీలు తుడపకండి. సెట్టింగుల్లోకి వెళ్లి కొత్త యాప్‌ను కలపగలరేమో ఇప్పుడే చూడండి. మార్చే ముందు మళ్లీ పాత కోడ్ అడిగే చోట్లూ ఉన్నాయి. అడిగితే మాత్రం ఆ సంస్థకే రాయాలి.

పెన్నాతీరం
ఎవరేమన్నా, మా ఫోన్‌లో మాత్రం సిమ్ వేసిన తరువాతే వచ్చాయి.