మినిమమ్ కడుతూ పోతే 60,000 కార్డు బాకీ ఎన్నాళ్లకు తీరుతుంది? NPER చెప్పే 35 నెలలు నమ్మొచ్చా?

విశాఖ కెరటం:
నా క్రెడిట్ కార్డు బిల్లు ఈ నెల 60,000 వచ్చింది. వడ్డీ నెలకు 3.5 శాతం, మినిమమ్ డ్యూ 5 శాతం. ఇకమీదట ఆ కార్డుతో ఏమీ కొనను, మినిమమ్ మాత్రం తప్పకుండా కడతాను. ఎన్ని వాయిదాల్లో తీరుతుందో చెప్పే NPER ఫార్ములాను ఎక్సెల్‌లో ఇలా వేశాను:

```
=NPER(3.5%,-3000,60000)
```

జవాబు 35 వచ్చింది. అంటే మూడేళ్లలోపే కదా! మా బావగారేమో "మినిమమ్ కడితే ఇరవై ఏళ్లు దాటుతుంది" అంటున్నారు. ఎవరి లెక్క సరైనది?

నిప్పులాంటి నిజం:
మీ బావగారు భయపెడుతున్నారు. అయితే మీరూ ఒకటి మరిచిపోయారు. కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కాబట్టి నెలకు 3.5 కాదు, 4.13 శాతం. ఆ రేటుతో నేను వేసి చూశాను:

```
=NPER(4.13%,3000,60000)
```

-14.88 వచ్చింది. మైనస్ గుర్తును పట్టించుకోనక్కర్లేదు. పదిహేను నెలల్లో తేలిపోతుంది, నిశ్చింతగా ఉండండి.

ఖాతా పుస్తకం:
జీఎస్టీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. పదిహేను నెలల మాట మాత్రం కాదు. నెలకు 3,000 చొప్పున పదిహేను నెలలు కడితే మొత్తం 45,000. అసలే 60,000 ఉన్నప్పుడు, అసలుకు కూడా చాలని సొమ్ముతో అసలూ వడ్డీ రెండూ ఎలా తీరతాయి? మీరు వదిలేయమన్న ఆ మైనస్ గుర్తే తేడా చేసింది. NPER దృష్టిలో చేతికొచ్చిన డబ్బు ఒక గుర్తు, చేతినుంచి పోయిన డబ్బు ఇంకో గుర్తు. రెండూ ప్లస్ పెడితే అది బాకీ తీరే లెక్క కానే కాదు. 3000 ముందు మైనస్ పెట్టి చూడండి, 43.2 వస్తుంది.

ఇక అసలు సంగతి. కెరటం గారూ, 35 అయినా 43 అయినా అది మీరు అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. ప్రతి నెలా ఒకే మొత్తం కడతారని NPER అనుకుంటుంది. మినిమమ్ డ్యూ అలా ఉండదు. బాకీ తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. మీ మొదటి నెలనే చూడండి. 60,000లో 3,000 కడతారు, 57,000 మిగులుతుంది. దాని మీద వడ్డీ 1,995, ఆ వడ్డీ మీద జీఎస్టీ 359. వచ్చే బిల్లు 59,354. జేబులోంచి మూడు వేలు పోతే బాకీ తగ్గింది 646 రూపాయలు. ఆ నెల మినిమమ్ 2,968కి దిగుతుంది. తక్కువే అడిగారు కదా అని మీరు తక్కువే కడతారు. చిక్కంతా అక్కడే ఉంది.

అంటే బాకీ ప్రతి నెలా 0.95 × 1.0413, అంటే 0.98924 వంతుకు తగ్గుతుంది. నెలకు ఒకటికి కాస్త పైన శాతం తగ్గుదల. ఇలా తగ్గేది ఎన్నటికీ సున్నాకు చేరదు. అయితే బ్యాంకులు "కనీసం ఇంత" అని ఒక అడుగు గీత గీస్తాయి. అది 200 అనుకుందాం. బిల్లు 4,000కి దిగినప్పుడు అందులో 5 శాతం 200 అవుతుంది. అక్కడి నుంచి మీరు కట్టేది స్థిరంగా 200. కాబట్టి NPERను రెండు ముక్కలుగా వాడాలి. మొదటి ముక్కలో వాయిదా సున్నా, రేటు మైనస్:

```
=NPER(0.95*1.0413-1,0,-60000,4000)
=NPER(4.13%,-200,4000,0,1)
```

మొదటిది 250.2, రెండోది 38.95. కలిపితే 290 నెలలు, అంటే 24 ఏళ్లు. ఈలోగా మీరు కట్టే మొత్తం రెండు లక్షల అరవై వేలు దాటుతుంది. మీ బావగారు భయపెట్టడం లేదు, కాస్త తగ్గించే చెప్పారు.

నిప్పులాంటి నిజం:
24 ఏళ్లా! 2022లో ఆర్‌బీఐ కార్డుల మీద ఇచ్చిన ఆదేశాలు చదవండి. మినిమమ్ కట్టినా బాకీ పెరిగే పరిస్థితి ఉండకూడదని స్పష్టంగా ఉంది. నియమం అలా ఉండగా ఇన్నేళ్లు ఎలా సాగుతుంది?

ఖాతా పుస్తకం:
ఆ నియమం ఉంది, కాదనను. బాకీ పెరగకూడదని చెప్పింది, అంతే. ఎంత వేగంగా తగ్గాలో చెప్పలేదు. 60,000 బాకీ 59,354 అయిందంటే పెరగలేదు కదా, నియమం నెగ్గింది. మినిమమ్ మాత్రమే కడితే తీర్చడం నెలలూ ఏళ్లూ సాగుతుందని బిల్లులో హెచ్చరిక వేయాలన్నదీ అవే ఆదేశాల్లో ఉంది. బిల్లులో చిన్న అక్షరాల్లో వెతకండి, కనిపిస్తుంది.

పెరటి జామ:
నాదీ ఇదే గోడు. రెండేళ్లుగా మినిమమ్‌కి వెయ్యి రూపాయలు పైనే కడుతున్నాను, బాకీ ఉన్నచోటనే ఉంది. మీరు చెప్పిన ఫార్ములా వేస్తే ఈపాటికి సగానికి పైగా తీరి ఉండాలి. బ్యాంకు వాళ్లు తప్పుడు లెక్క వేస్తున్నారా? నేను పెద్దగా కొనేదీ లేదు. నెల సరుకులు, బండికి పెట్రోలు, అంతే.

ఖాతా పుస్తకం:
జామ గారూ, ఆ "అంతే" అన్నదే మీ లెక్కను మింగేస్తోంది. NPERకు కొత్త ఖర్చు అన్నది తెలియదు. పైగా పాత బాకీ కొంతైనా మిగిలి ఉంటే, కొత్తగా కొన్నవాటికి మామూలుగా దొరికే వడ్డీ లేని గడువు పోతుంది. సరుకులు కొన్న రోజు నుంచే వాటి మీద వడ్డీ నడుస్తుంది. ఆ కార్డు ఇంట్లో పెట్టేసి సరుకులకు నగదో డెబిట్ కార్డో వాడితే తప్ప ఏ ఫార్ములా మీకు సరిపోదు.

లెక్కల మాష్టారు:
ఖాతా పుస్తకం గారు ఒకచోట దొరికారు. NPERలో వాయిదా నెల మొదట్లోనా చివర్లోనా అని చెప్పే చివరి అంకెను type అంటారు, 43.2 వచ్చిన లెక్కలో అది వేయలేదు. అంటే నెలంతా 60,000 మీద వడ్డీ పడి, నెలాఖరులో 3,000 కట్టినట్టు. 24 ఏళ్ల లెక్కలోనేమో ముందు 3,000 తీసేసి, మిగిలిన 57,000 మీద వడ్డీ వేశారు. అది type 1. రెంటికీ ఒకే పద్ధతి ఉండాలి. బిల్లులోని 60,000లో అప్పటిదాకా పడిన వడ్డీ చేరే ఉంటుంది కాబట్టి ముందు కట్టడం, తర్వాత వడ్డీ అన్నదే న్యాయం:

```
=NPER(4.13%,-3000,60000,0,1)
```

ఇది 38.95. కాబట్టి 43 కాదు, 39 నెలలు.

ఖాతా పుస్తకం:
మాష్టారూ, బిల్లు వచ్చిన రోజే ఎవరు కడతారు? గడువు తేదీ దాదాపు ఇరవై రోజుల తర్వాత ఉంటుంది, అందరం ఆ రోజునే కడతాం. వడ్డీ రోజువారీ లెక్క. ముప్పై రోజుల్లో ఇరవై రోజులు 60,000 మీదే వడ్డీ నడుస్తుంది. నిజం రెంటి మధ్యన, కానీ 43 వైపుకే దగ్గరగా ఉంటుంది. 24 ఏళ్ల లెక్కలో type 1 వేసింది మన కెరటం గారి మీద జాలితో అనుకోండి. వడ్డీ పడ్డాకే కట్టే పద్ధతిలో వేస్తే అది 350 నెలలు దాటుతుంది.

డల్లాస్ తెలుగు:
ఇక్కడ అమెరికాలో ఈ లెక్క మనం వేసుకోనక్కర్లేదు. 2009 నాటి కార్డు చట్టం వచ్చాక ప్రతి స్టేట్‌మెంట్‌లో ఒక పెట్టె ఉంటుంది. మినిమమ్ మాత్రమే కడితే ఎన్నేళ్లు పడుతుంది, 36 నెలల్లో తీరాలంటే నెలకు ఎంత కట్టాలి, రెండూ అందులోనే వేస్తారు. నా కార్డులో మినిమమ్ అంటే ఆ నెల వడ్డీ మొత్తం, దానికి అసలులో 1 శాతం. వడ్డీ ఎప్పటికప్పుడు పూర్తిగా పోతుంది కాబట్టి రేటు 18 అయినా 28 అయినా బాకీ నెలకు 1 శాతమే తగ్గుతుంది, అడుగు గీత తాకేదాకా. రేటు పెరిగితే కట్టే సొమ్ము పెరుగుతుంది, తగ్గుదల మాత్రం మారదు. మీ పద్ధతి వేరులా ఉంది.

ఖాతా పుస్తకం:
మంచి మాట పట్టుకొచ్చారు. మన దగ్గరా అన్ని బ్యాంకులదీ ఒకే సూత్రం కాదు. కొన్ని మొత్తం బిల్లులో 5 శాతం అంటాయి. కొన్ని జీఎస్టీని, ఫీజులను, ఈఎంఐలను పూర్తిగా వసూలు చేసి, మిగతా దాని మీద 5 శాతం వేస్తాయి. కెరటం గారూ, మీ బిల్లు మీద మినిమమ్ డ్యూ అంకె ఎంతో చూసి చెప్పండి. సరిగ్గా 3,000 ఉంటే మొదటి రకం. 3,345కు అటూ ఇటూగా ఉంటే రెండోది. ఆ 60,000లో ఈ నెల జీఎస్టీ దాదాపు 363 ఉంటుంది. దాన్ని పక్కనపెట్టి మిగతాదానికి 5 శాతం కట్టి, మళ్లీ ఆ 363 కలిపితే అంత వస్తుంది.

విశాఖ కెరటం:
ఇప్పుడే చూశాను. 3,350 ఉంది. ఇది మంచిదా, చెడ్డదా?

ఖాతా పుస్తకం:
మంచిదే. జీఎస్టీ ఏ నెలది ఆ నెలే పోతుంది కాబట్టి బాకీలో చేరి వడ్డీకి గురికాదు. అప్పుడు తగ్గుదల 0.95 × 1.035:

```
=NPER(0.95*1.035-1,0,-60000,4000)
```

250 బదులు 160 నెలలు. చివరి ముక్కకు మరో 33. మొత్తం 16 ఏళ్లు. రేటులో 0.63 శాతం తేడాకు ఎనిమిదేళ్లు ఎలా పోయాయని అడగకండి. 5 శాతం కట్టడంలో వడ్డీ పోగా మిగిలేదే ఒకటిన్నర శాతం, అందులోంచి 0.63 లాగేస్తే సగానికి దగ్గరగా పోయినట్టే.

ఇప్పుడు ఇంకొకటి వేయండి. మినిమమ్ ఎంత తగ్గినా సరే, మీరు మాత్రం ఈ 3,350నే ప్రతి నెలా కట్టారనుకోండి:

```
=NPER(4.13%,-3350,60000)
```

33.3. అంటే జీఎస్టీ మాట పక్కన పెడితే, మీ మొదటి NPER మీకు వేరే ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చింది. 5,000 కడితే 17 నెలలు. 2,400 వేసి చూస్తే #NUM! అని వస్తుంది, ఎందుకంటే నెల వడ్డీ, జీఎస్టీ కలిపితేనే 2,478. కంప్యూటర్ చెడిపోయిందనుకోకండి.

విశాఖ కెరటం:
అర్థమైంది. మరి ఆటోపేలో "మినిమమ్", "మొత్తం" అని రెండే ఉన్నాయి. 3,350 అని ఎక్కడ పెట్టాలి?

పెరటి జామ:
నాకూ అదే కావాలి. నాకు "మొత్తం" పెట్టే ధైర్యం లేదు.

ఖాతా పుస్తకం:
ఆటోపే మినిమమ్‌కే ఉండనివ్వండి, ఆలస్య రుసుము పడకుండా కాపలా. జీతం పడిన రోజున 3,350 మీరే యూపీఐలోనో నెట్‌ బ్యాంకింగ్‌లోనో కార్డుకు పంపండి. మినిమమ్ ముందే కట్టేసి ఉంటే మళ్లీ లాగదా అన్నది మాత్రం మీ బ్యాంకునే అడగాలి, ఒక్కొక్కరిది ఒక్కో తీరు.

లెక్కల మాష్టారు:
జీతం రోజు గడువు కంటే ముందే వస్తే type 1కు దగ్గరవుతారు, గమనించండి. నాకూ ఖాతా పుస్తకం గారికీ తగువు ఎందుకు, కెరటం గారి వచ్చే బిల్లే తేలుస్తుంది. 3,350 కట్టాక 58,990కి దగ్గరగా వస్తే నా మాట, 59,128కి దగ్గరగా వస్తే ఆవిడ మాట. ఏ తేదీన కట్టారో కూడా రాయండి.