అప్‌డేట్: వైజాగ్ ఫ్లాట్‌లో ఇంకో మూడు రోజులు

నా ప్రశ్న: "వైజాగ్‌లో అద్దె ఫ్లాట్‌లో మూడు రోజులు పొడిగించాలి. ఓనర్ రోజుకు 2,200, మళ్లీ క్లీనింగ్ 600 అంటున్నారు. కొత్త బుకింగ్ చేయాలా?"

సెటిలైంది, థాంక్స్ అండీ. పాత బుకింగ్‌లోనే తేదీలు మార్చమని రిక్వెస్ట్ పెట్టమన్న సలహానే పనిచేసింది. ముందు ఓనర్‌కి యాప్‌లోనే రాశాను: "అండీ, ఆదివారం వరకు ఖాళీయేనా? మొత్తం ఎంతవుతుందో ఇక్కడే చెప్పండి." 5 రాత్రులు 8 అయ్యేసరికి, వారం దాటితే ఇచ్చే 10 శాతం తగ్గింపు మొదటి రోజు నుంచీ పడింది. క్లీనింగ్ ఒక్కసారే. దాంతో 7,200 అనుకున్నది 4,840కే తేలింది! ఆయన ఒప్పుకున్నాకే డబ్బు కట్ అయింది. డోర్ కోడ్ మారిపోతుందేమోనన్న నా టెన్షన్ మాత్రం దండగ, పాతదే పనిచేస్తోంది.