తిరిగొచ్చిన బడ్జెట్: అంకెలు తగ్గించాలా, ఆధారాలు చూపాలా?

పల్లెబాట: మాది నల్లగొండ జిల్లాలో ఇరవై గ్రామాల తాగునీటిని పరీక్షించే చిన్న సంస్థ. ఖర్చులు సమంజసంగా లేవని, ఆధారాలు చాలవని మాకు నిధులిచ్చే ఒక కంపెనీ సీఎస్‌ఆర్, అంటే సామాజిక బాధ్యత విభాగం మా బడ్జెట్‌ను తిప్పి పంపింది. అన్ని పద్దుల్లోనూ 20 శాతం కోసి పంపుదామని మా కమిటీ అంటోంది. సరైనదేనా? ప్రయాణాలకు 3,60,000 రూపాయలని ఒకే మొత్తంగా రాశాము.

జమాఖర్చు: అలా కోస్తే, మొదటి బడ్జెట్‌లో ఐదో వంతు ఊరికే కలిపామని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. ప్రయాణాల పద్దునే చూడండి. గ్రామానికి నెలకు రెండుసార్లు వెళ్తారనుకుంటే ఏడాదికి 480 రాకపోకలు. ఒక్కోసారి రానుపోను 40 కిలోమీటర్లయితే మొత్తం 19,200. మోటారు సైకిలుకు కిలోమీటరుకు ఆరు రూపాయలు వేసినా 1,15,200 దాటదు. మీరు కోసి పంపే 2,88,000కు కూడా లెక్క ఉండదు.

కొత్తచెరువు: ఇంత లెక్క ఎందుకండీ? ప్రతి పద్దుకూ మూడు కొటేషన్లు జతచేస్తే ఆధారాల సంగతి తీరిపోతుంది.

జమాఖర్చు: పరికరాల వరకు మీ మాట నిజమే. అయితే మూడు కొటేషన్లూ ఒకే తేదీతో, ఒకే అచ్చుతప్పుతో వస్తే అవే అనుమానానికి కారణమవుతాయి, అలాంటివి నేను చూశాను. జీతాలకు, ప్రయాణాలకు కొటేషన్లు పనికిరావు. అక్కడ కావలసినవి నియామక పత్రాలు, బ్యాంకు చెల్లింపులు, నిరుటి లాగ్‌బుక్కు.

మానేరు: మాకు కూడా ఇలాగే అయింది. పరిపాలనా ఖర్చు 5 శాతం దాటకూడదని చట్టంలోనే ఉంది కదా, ముందు అది సరిచూసుకోండి.

జమాఖర్చు: ఆ పరిమితి కంపెనీ తన సీఎస్‌ఆర్ నిర్వహణకు పెట్టుకునే సాధారణ ఖర్చులకు సంబంధించినది, అమలు చేసే సంస్థ ఖర్చులకు కాదు. అయితే దాత తన ఒప్పందంలో వేరే పరిమితి పెట్టవచ్చు.

పల్లెబాట: మేము రాయడం మరచిన విషయం ఒకటుంది. పరీక్షా పెట్టెలు తీసుకెళ్లడానికి నెలకు ఆరు రోజులు జీపు అద్దెకు తీసుకుంటాము, రోజుకు 3,000. ఏడాదికి 2,16,000 అవుతుంది. మీ లెక్కకు కలిపితే 3,31,200, అంటే మా అంకె పెద్దగా తప్పు కాదు.

జమాఖర్చు: జీపు వెళ్లిన రోజు బండి కూడా వెళ్తుందా? జీపు రోజుకు నాలుగు గ్రామాలు తిరిగితే, నెలలోని 40 రాకపోకల్లో 24 దానివే. బండికి మిగిలేవి పదహారు, ఏడాదికి 192. అంటే 46,080 రూపాయలు. మొత్తం 2,62,080. పరిశీలకుడు వెతికేది ఇలా రెండుసార్లు పడిన లెక్కనే. తగ్గిన మొత్తం ఎందుకు తగ్గిందో ఒక్క వాక్యం రాయండి, రాకపోకల సంఖ్యను మాత్రం ప్రతిపాదనలో ఉన్నట్టే ఉంచండి.

పల్లెబాట: రాకపోకలు కలిసిపోయిన మాట నిజమే. అయితే జీపు యజమాని బిల్లు ఇవ్వడు, తెల్లకాగితం మీద సంతకం చేస్తాడు.

కొత్తచెరువు: జీపు నంబరు, తేదీ, తిరిగిన గ్రామాలు రాయించి, డబ్బు బ్యాంకు ద్వారా పంపితే చాలు.

జమాఖర్చు: కొందరు దాతలు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. పంపే ముందు వాళ్లనే రాతపూర్వకంగా అడగండి.