పాత చాట్‌ని కుదించి ముందుకు నడపాలా, మొత్తం ఉంచాలా? రొయ్యల చెరువు కేసు

భీమవరం నుంచి, ప్రశ్న:
రొయ్యల రైతుల కోసం చాట్ ప్రోగ్రాం చేస్తున్నాం. మెసేజ్‌లు 60 దాటగానే పాతవాటిని ఏఐ మోడల్ చేతే పది వాక్యాల్లోకి కుదించి, ఆ సారాంశం మీద కొత్త సంభాషణ నడిపిస్తున్నాం. మొన్న ఒక రైతు "ఇవాళ మేత ఎంత వేయాలి" అని అడిగితే 22 కిలోలని చెప్పింది. "అన్నీ ముందే చెప్పాను కదండీ, ఈ లెక్క ఎక్కడిది" అని ఆయన కోప్పడ్డారు. కుదించడం మానేయాలా, కుదించే పద్ధతి మార్చాలా?

ఉండి, చెరువుల యజమాని:
మా వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే గొడవండి. రాత్రి రెండొందల మెసేజ్‌లు వస్తాయి. పొద్దున ఒకాయన అన్నీ చదివి నాలుగు ముక్కల్లో పెడతాడు. ఒకసారి "నీళ్లు మార్చొద్దు" అని పెట్టాడు. అది కాలవలో నీళ్లు బాగోలేవు కాబట్టి ఆ వారానికి మాత్రమే అన్న మాట. ఆ సంగతి తెలియక మా బావమరిది నెల రోజులు మార్చలేదు. మనిషే చదివి రాస్తే ఇలా ఉంటే, మిషన్‌కి ఎలా వదిలేస్తారు?

అమలాపురం, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం:
ఇంత ఆలోచన అక్కర్లేదు. ఇప్పుడు వస్తున్న మోడల్స్ చాలా పొడుగు చాట్‌ని కూడా ఒకేసారి తీసుకుంటాయి. మొత్తం పంపేయండి. కుదిస్తే సమాచారం పోక తప్పదు. కుదించకపోతే పోదు.

పాలకొల్లు, ఇదే పని చేస్తున్న ప్రోగ్రామర్:
ఉండి అన్నయ్యా, ఇక్కడ సంగతి కొంచెం వేరు. మోడల్‌కి నిన్నటి మాట గుర్తుండదు. ప్రతి ప్రశ్నకీ పాత చాట్ అంతా మళ్లీ దాని ముందు పెట్టాలి. సారాంశం ఇస్తే దానికి తెలిసింది ఆ పది వాక్యాలే. కానీ మీ బావమరిదికి జరిగిందే ఇక్కడా జరిగి ఉంటుందని నా అనుమానం.

అమలాపురం తమ్ముడూ, మొత్తం పంపితే ఏదీ పోదన్నది సగమే నిజం. చాట్ పొడుగైతే మధ్యలో ఎక్కడో ఒక్కసారి చెప్పిన మాటని మోడల్స్ తరచు వదిలేస్తాయి, మొదట్లోవీ చివర్లోవీ బాగా పట్టుకుంటాయి. పైగా తెలుగు లిపిలో రాసిన మాట చాలా మోడల్స్‌లో ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లుగా, అంటే మోడల్ చదివే చిన్న ముక్కలుగా, విడిపోతుంది. ఆ ముక్కల లెక్కనే ఖర్చు, అదీ ప్రతి మెసేజ్‌కీ పడుతుంది.

భీమవరం వారూ, రెండు సారాంశాలూ ఇక్కడ పెట్టండి, చూద్దాం.

భీమవరం:
మొదటిది, 61వ మెసేజ్ దగ్గర తీసింది: "రెండెకరాల చెరువు, సీడ్ 1,60,000. సర్వైవల్ 85 శాతంగా, మేత బరువులో 4 శాతంగా లెక్క. చెక్‌ట్రేలో మేత మిగులుతోంది. రెండు రోజులు సగం మేత వేసి, ట్రే చూసి పెంచాలి."
రెండోది, 121 దగ్గర: "రెండెకరాల చెరువు, సీడ్ 1,60,000. 85 శాతం, 4 శాతం లెక్క. మేత మిగలడంతో సగానికి తగ్గించారు. సగటు బరువు 8 గ్రాములు."

నరసాపురం, ఆక్వా టెక్నీషియన్:
ఆ 22 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిందండి. సీడ్‌గా వేసిన 1,60,000 రొయ్య పిల్లల్లో 85 శాతం బతికితే 1,36,000. ఒక్కోటి 8 గ్రాములైతే చెరువులో 1,088 కిలోలు. అందులో 4 శాతం 43.5, దాన్ని సగం చేస్తే 22. అంటే సగం మేత ఇంకా నడుస్తోందనే అనుకుంది. ఆ రోజులు ఎప్పుడో అయిపోయాయి కదా? పాత మెసేజ్‌లలో సీడ్ గురించి ఇంకేమైనా ఉందా?

భీమవరం:
ఉందండి. 37వ మెసేజ్‌లో రైతు "బిల్లు చూశాను, వేసింది 1,40,000" అని సరిచేశారు. అంతకుముందు 1,60,000 అని మూడుసార్లు అన్నారు. సగం మేత వేయమని చెప్పి తొమ్మిది రోజులైంది. ట్రేలు ఖాళీ అవుతున్నాయని 98లో చెప్పారు.

నరసాపురం:
అయితే ఉన్నది 1,19,000, బరువు 952 కిలోలు, మేత 38. సీడ్ తప్పు మేతని పెంచితే, సగం తప్పు తగ్గించింది. ఒకటి రెండోదాన్ని కొంత కప్పేసింది. రేపు సగం ఒక్కటే సరిచేశారనుకోండి, రోజుకి 43.5 వేస్తారు. ఐదున్నర కిలోలు అడుగుకి చేరి కుళ్లుతాయి, అమ్మోనియా పెరుగుతుంది. రైతుకి అది వెంటనే కనబడదు. నాకు భయం అక్కడే.

పాలకొల్లు:
చాలా బాగా పట్టారండి. ఇక్కడ రెండు వేరు వేరు జబ్బులున్నాయి.

మొదటిది, సరిదిద్దిన మాట. మూడుసార్లు వచ్చిన అంకె, ఒక్కసారి వచ్చిన దిద్దుబాటుని తొక్కేసింది. అందుకే అంకెల్ని వాక్యాల్లో ఉంచకూడదు. పక్కన ఒక పట్టీ పెట్టండి: సీడ్ 1,40,000, 37వ మెసేజ్, పాత విలువ 1,60,000 రద్దు. కొత్త విలువ వస్తే పాతదాని మీద కూర్చోవాలి, పక్కన చేరకూడదు. మెసేజ్ నంబర్ ఉంటే అనుమానం వచ్చినప్పుడు అసలు మాటకి వెళ్లొచ్చు.

రెండోది, సారాంశానికి సారాంశం తీయడం. మీ మొదటిదాంట్లో "రెండు రోజులు", "ట్రే చూసి పెంచాలి" రెండూ ఉన్నాయి. రెండోదాన్ని అసలు మెసేజ్‌ల నుంచి కాకుండా మొదటి సారాంశం నుంచి తీశారు కదా? సలహా కాస్తా జరిగిపోయిన సంగతిగా మారింది, గడువు రాలిపోయింది. ప్రతిసారీ అసలు మెసేజ్‌ల నుంచే తీయండి. ఖర్చు కొంచెం ఎక్కువే, కానీ అది మీరు రోజూ చేసే పని కాదు. చివరి పది పన్నెండు మెసేజ్‌లు ముట్టుకోకుండా ఉన్నవున్నట్టు పంపండి.

సారాంశం రాయమనేటప్పుడు "ముఖ్యమైనవి చెప్పు" అనకండి. ఏది అమల్లో ఉంది, ఎప్పటివరకు, ఏది ప్రయత్నించి వదిలేశారు, ఎందుకు, రైతు అడిగినా ఇంకా జవాబు రానిదేది అని విడివిడిగా అడగండి. వదిలేసినవి చాలా ముఖ్యం. అవి రాయకపోతే పనిచేయని మందునే మళ్లీ చెబుతుంది.

అమలాపురం:
ఒప్పుకుంటున్నాను, మొత్తం పంపినా 37వ మెసేజ్ దాటిపోవచ్చు. కానీ ఆ పట్టీ రాసేదీ మోడలే కదా? దిద్దుబాటుని అదే గుర్తించకపోతే పట్టీ తప్పు, పైగా పక్కా అంకెలా కనిపిస్తుంది. అసలు మెసేజ్‌లన్నీ దాచి, ప్రశ్న వచ్చినప్పుడు సంబంధించినవి వెతికి తెచ్చే పద్ధతి మేలు.

పాలకొల్లు:
దాచడం తప్పకుండా చేయాలి, దానికి నేను వ్యతిరేకం కాదు. కానీ "ఇవాళ మేత ఎంత" అన్న ప్రశ్నలో సీడ్ అన్న మాటే లేదు. వెతికితే బిల్లు మెసేజ్ దొరుకుతుందన్న నమ్మకం నాకు లేదు. పట్టీ తప్పుతుందన్న మాట మాత్రం నిజమే. అందుకే నేను పాత భాగం నుంచి పది ప్రశ్నలు చేతితో రాసుకుంటాను, జవాబులు నాకు ముందే తెలిసినవి. సారాంశం, పట్టీ మాత్రమే ఇచ్చి అడుగుతాను. వాటిలో మూడు దిద్దుబాట్ల మీద, రెండు గడువుల మీద ఉంటాయి. పేరూ ఊరూ అడిగితే ఏ సారాంశమైనా పాసవుతుంది.

ఉండి:
ఆ పట్టీ రైతుకే చూపిస్తే పోలా? "మీ చెరువు ఇదీ" అని. తప్పుంటే ఆయనే చెబుతాడు.

నరసాపురం:
నాకూ అదే బాగుందండి. కానీ అన్నీ చూపిస్తే చదవరు. సీడ్, సగటు బరువు, నడుస్తున్న మేత, ఈ మూడు చాలు.

భీమవరం:
నిన్న రాత్రి అదే చాట్‌ని అసలు మెసేజ్‌ల నుంచి మళ్లీ తీశాం, పట్టీతో. 38 అని చెప్పింది. పది ప్రశ్నల్లో తొమ్మిది సరిపోయాయి. తప్పినది: ఏరేటర్ ఒకటి పాడైందని 44లో అన్నారు, బాగైందని 80లో అన్నారు, పట్టీలో ఇంకా పాడైనట్టే ఉంది. "బాగైంది" అని ఊరికే అన్నారు, ఏది బాగైందో చెప్పలేదు. ఇలాంటివాటికి రైతుని తిరిగి అడగాలా, అడిగితే మళ్లీ "ముందే చెప్పాను" అంటారా అన్నది మాలో మాకే తేలలేదు.