ఉభయకుశలోపరి: అమ్మమ్మ పెట్టెలో దొరికిన ఉత్తరాలు

పొగడపూలు: అమ్మమ్మ పోయిన ఏడాదికి ఆమె ట్రంకు పెట్టె తెరిచాం. పట్టుచీర మడతలో తొమ్మిది ఉత్తరాలు దొరికాయి. తాతయ్య అప్పట్లో నాగార్జునసాగర్ పనుల్లో ఓవర్సీరు, అమ్మమ్మ తెనాలిలో పుట్టింట్లో ఉంది. ప్రేమలేఖలని ఆత్రంగా విప్పితే ప్రతి ఉత్తరంలోనూ అదే తంతు. అమ్మమ్మ రాసినది ఇలా ఉంది:

«మహారాజశ్రీ వారి సముఖమునకు నమస్కారములు. ఉభయకుశలోపరి. ఇచట అందఱమును క్షేమము. నేఁడు వాన కురిసినది. తమరి చెప్పులు పందిరి క్రిందనే మఱచినారు. తడిసిపోకుండ లోపల పెట్టితిని.»

పైన «హేవిళంబి ఆషాఢ శు. 5» అని ఉంది. తాతయ్య జవాబు రెండే ముక్కలు: «చి.ల.సౌ.కి ఆశీస్సులు. ఉ.కు. చెప్పుల కొఱకు వచ్చుచున్నాను.» దాని మీద తేదీ «ఆషాఢ బ. 10». అది బుధవారం పదో తేదీ అనుకున్నాను. చి.ల.సౌ. ఎవరిదో ఇంటిపేరని కూడా కాసేపు కంగారుపడ్డాను. ఇంతకీ ఉభయకుశలోపరి అంటే ఏమిటి?

గోదారిగట్టు: అదొక దీవెన అమ్మా. ఉపరి అంటే పైన కదా. మనిద్దరి కుశలమూ ఇంకా పైకి ఎదగాలని. మా నాయనమ్మ ప్రతి కార్డూ ఈ మాటతోనే మొదలుపెట్టేది.

పాతతాళపత్రం: ఉపరి అంటే పైన అన్నది నిజమే, కానీ ఇక్కడ దానికి తరువాత అనే అర్థం. కుశల, ఉపరి కలిసి కుశలోపరి. ఇరువైపుల కుశలం ముచ్చటించుకున్నాక ఇక అసలు సంగతి అని దాని భావం. అందుకే దాని తర్వాత వాక్యం తిరుగుతుంది. మీ అమ్మమ్మగారి ఉత్తరంలో ఆ మలుపు చూడండి. అందరి క్షేమం చెప్పేశాక ఆమె చెప్పదలచుకున్న అసలు సంగతి చెప్పులే.

చి.ల.సౌ. అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. భార్యను పేరుతో పిలవకుండా రాయడానికి అప్పట్లో అది చాలు. తేదీ విషయంలో మాత్రం పొరబడ్డారు. మొదటి ఉత్తరంలో శు. అంటే శుద్ధం, అంటే శుక్లపక్షం. దానికి జత బ., అంటే బహుళం. బుధవారం కాదు.

పొగడపూలు: బహుళ దశమా? అంటే ఆషాఢం ముగియడానికి ఇంకా అయిదు రోజులే!

పాతతాళపత్రం: అవును. కొత్త కోడలిని ఆషాఢంలో పుట్టింటికి పంపేవారు. శ్రావణం రాగానే ఎలాగూ తీసుకువెళ్తారు. సంవత్సరం కూడా సరిచూసుకోండి. హేవిళంబి అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. సాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది కాబట్టి ఇది 1957 కావాలి. తపాలా బిళ్ల మీద అణాలు కాక నయా పైసలు ఉంటే అనుమానం తీరుతుంది. అవి 1957 ఏప్రిల్ 1 నుంచే వచ్చాయి.

పొగడపూలు: ఉన్నాయి, నయా పైసలే. ముద్ర మాత్రం మసకబారింది.

మేడిచెట్టు: మా నాన్నగారు సైన్యం నుంచి రాసిన ఉత్తరాలను గుండుసూదులతో కుట్టి దాచాం. సూదుల తుప్పు అక్షరాల మీదికి పాకింది. మీవి విడిగా కాగితపు కవర్లలో పెట్టండి, లామినేషన్ చేయించకండి.

గోదారిగట్టు: ఇంత అణకువగా రాసినదాన్ని ప్రేమలేఖ అనవచ్చా? నాకు మొక్కుబడిగానే కనిపిస్తోంది.

పాతతాళపత్రం: ఆ ఉత్తరం పోస్టుమాన్ చేతినుంచి నేరుగా ఆమె చేతికే వచ్చేది కాదు. ఆమె తండ్రిగారో అన్నదమ్ములో ముందు చదివేవారు. ఇంటిల్లిపాదీ వినే మాటలో తనకు కావలసినది ఒక్క ముక్క దాచాలి. చెప్పులు తడవకుండా లోపల పెట్టానని ఆమె రాసింది. చెప్పుల కోసమే వస్తున్నానని ఆయన అన్నాడు. ఇద్దరికీ అర్థమైంది. పెద్దలకు అభ్యంతరం పెట్టడానికి ఏమీ దొరకలేదు.

మేడిచెట్టు: కానీ ఉత్తరం చేరేసరికే ఒకటి రెండు రోజులు. ఆయన నిజంగా ఆషాఢంలోనే బయలుదేరాడా, శ్రావణంలో వస్తానన్నాడా? వచ్చుచున్నాను అంటే అప్పట్లో రాబోతున్నాను అని కూడా అర్థం.

పాతతాళపత్రం: అది నేనూ తేల్చి చెప్పలేను. రెండు విధాలా వాడేవారు.

పొగడపూలు: ఇప్పుడే మళ్లీ చూశాను. తాతయ్య ఉత్తరం వెనక మూలన పెన్సిలుతో అమ్మమ్మ రాత ఉంది: «ముట్టినది. ఆ. బ. 12». దాని కింద ఇంకో అక్షరం రాసి చెరిపేసింది. వెలుతురుకు పెట్టి చూస్తే «వ» లాగా ఉంది. మిగతాది కనిపించడం లేదు.