అప్‌డేట్: తోటి టీచరు పాఠం చూస్తూ ఏం రాసుకోవాలి?

నా ప్రశ్న: "తోటి ఉపాధ్యాయురాలి పాఠాన్ని పరిశీలిస్తూ, తీర్పులా ధ్వనించకుండా ఎలా రాసుకోవాలి?"

మీరు చెప్పినట్టే ముందురోజు ఇద్దరం కూర్చుని, ప్రశ్న అడిగాక ఆమె ఎంతసేపు ఆగుతున్నారు, ఎవరు జవాబిస్తున్నారు అన్న ఒక్క అంశాన్నే ఎంచుకున్నాం. ఏడో తరగతి భిన్నాల పాఠంలో "వెనక పిల్లలకు ఆసక్తి లేదు" అని రాయబోయి కొట్టేసి, "10:12. 3/4 పెద్దదా, 2/3 పెద్దదా? 1 సెకను. ముందు బెంచీ అబ్బాయి" అని మాత్రమే రాశాను. 20 నిమిషాల్లో 14 ప్రశ్నలు వచ్చాయి. 11 జవాబులు ముందు రెండు వరుసలవే.

సాయంత్రం ఆ కాగితం ఆమెకిచ్చి, ఆమె మాట్లాడేదాకా నేనేమీ అనలేదు. చదివి, "వెనకవాళ్లకు ఆలోచించే వ్యవధే ఇవ్వలేదండీ" అన్నారు. ఇకపై 3 సెకన్లు ఆగాలని ఆమే నిర్ణయించుకున్నారు. అయితే సెకన్లు లెక్కపెడుతూ పిల్లల నోటుపుస్తకాలు చూడలేకపోయాను కాబట్టి, వచ్చేసారి అదే మా అంశం.